థైరాయిడ్ మాత్ర, 3వ పాఠం: నాలుగు గంటల ఎడం

పోయిన పాఠంలో మాత్రను పరగడుపున, గ్లాసు మంచినీళ్లతో వేసుకోవాలని చెప్పుకున్నాం. టిఫిన్‌కి ముందు అరగంట నుంచి గంట ఆగాలి. కాఫీకీ అంతే. "కాఫీయే కదా, టిఫిన్ తినలేదుగా" అంటారు చాలామంది. కాఫీ కూడా ఈ మాత్రలోని మందు లెవోథైరాక్సిన్ ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది, అందులో పాలు కూడా ఉంటాయి.

ఈసారి అసలు చిక్కు గురించి. మా వదినకి 46 ఏళ్లు. రోజూ 75 మైక్రోగ్రాముల మాత్ర. రక్తపరీక్షలో చూసే టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్ హార్మోన్ చాలకపోతే పెరిగే అంకె, 3 దగ్గర నిలకడగా ఉండేది, మూడు నెలల్లో 9 దాటింది. ఒక్క రోజు కూడా మాత్ర మానలేదు. విషయమేమిటంటే, రక్తం తక్కువగా ఉందని ఒక డాక్టరు ఐరన్, మోకాళ్ల నొప్పులకి మరో డాక్టరు కాల్షియం రాశారు. మర్చిపోకుండా ఉంటుందని వదిన మూడూ ఆరింటికే ఒకేసారి మింగేసేది!

ఐరన్, కాల్షియం పేగులో థైరాయిడ్ మందును పట్టుకుని కరగని ముద్దలా మార్చేస్తాయి. అది రక్తంలోకి వెళ్లకుండా మలంలో పోతుంది. అందుకే మధ్యలో నాలుగు గంటలు ఉండాలి. గమ్మత్తేమిటంటే థైరాయిడ్ తగ్గినా మలబద్ధకమే, ఐరన్ వేసుకున్నా మలబద్ధకమే. కాబట్టి లక్షణాలను బట్టి కనిపెట్టడం కష్టం, రక్తపరీక్షే చెప్పాలి.

వదిన డాక్టరు ముందు డోసు 100కి పెంచుదామన్నారు. వేళల సంగతి చెప్పాక ఆగారు. పెంచి ఉంటే ఐరన్ కోర్సు అయిపోయాక మందు ఎక్కువగా ఒంటికి పట్టి, గుండె దడ, చేతుల వణుకు మొదలయ్యే ప్రమాదం ఉండేది.

ఇప్పుడు వదిన వేళలు ఇలా ఉన్నాయి. 6 గంటలకు థైరాయిడ్ మాత్ర, 7కి కాఫీ, టిఫిన్. 11కి ఐరన్, నిమ్మరసం నీళ్లతో. ఆ దరిదాపుల్లో టీ తాగదు, టీ ఐరన్‌ని పట్టనివ్వదు. కాల్షియం రాత్రి భోజనంతో. ఐరన్, కాల్షియం ఒకదానికొకటి కూడా పడవు, అందుకే వాటినీ విడగొట్టాం.

పొద్దున కుదరనివాళ్లు డాక్టరుని అడిగి, రాత్రి భోజనమయ్యాక కనీసం మూడు గంటలకు, పడుకునే ముందు వేసుకోవచ్చు. కానీ అప్పుడు కాల్షియం మధ్యాహ్నానికి జరగాలి.

వేళలు మార్చిన మర్నాడే టీఎస్‌హెచ్ చూపించుకుంటే ఏమీ తెలియదు. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది కాబట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. వదినకి ఎనిమిదో వారంలో 3.4 వచ్చింది, డోసు 75 దగ్గరే ఉండిపోయింది. గర్భిణులు మాత్రం ఇన్నాళ్లు ఆగకూడదు. వాళ్లకి మందు అవసరమే పెరుగుతుంది, పరీక్ష ఎప్పుడో డాక్టరే చెబుతారు.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఉన్న మల్టీవిటమిన్, గ్యాస్ మందు సీసాల మీద చిన్న అక్షరాలు చదవండి. ఐరన్, కాల్షియం, అల్యూమినియం, మెగ్నీషియం అని కనిపిస్తే, వాటికీ నాలుగు గంటల ఎడమే.