మిర్చి రేటు, తేదీ, ఫోన్ నంబరు ఇంగ్లీషులో తడబడకుండా చెప్పడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డు దగ్గర కొట్లో కూర్చుని బయటి రాష్ట్రం వ్యాపారికి ఫోన్లో రేటు చెప్పాలనుకోండి. సరుకు 15 క్వింటాళ్లు, క్వింటాలు 14,500. మనసులో లెక్క తెలుగులోనే నడుస్తుంది: పద్నాలుగున్నర వేలు, మొత్తం రెండు లక్షల పదిహేడున్నర వేలు. నోరు ఆగేది సరిగ్గా ఆ ‘న్నర’ దగ్గరే.

అందుకే ముందు అంకెను కాగితం మీద కామాలతో వేసుకోండి: 2,17,500. ఇక తెలుగు మాట తలచుకోకుండా, మొదటి కామా దగ్గర లాక్, రెండోదాని దగ్గర థౌజండ్ అంటూ చదవండి. ‘టూ లాక్, సెవెంటీన్ థౌజండ్, ఫైవ్ హండ్రెడ్.’ కామా దగ్గర చిన్న విరామం ఇస్తే వినేవాళ్లు రాసుకోగలుగుతారు. విదేశీ కొనుగోలుదారుకు లాక్ తెలియకపోవచ్చు. అప్పుడు కామా జరిపి 217,500 అని వేసుకుని ‘టూ హండ్రెడ్ సెవెంటీన్ థౌజండ్, ఫైవ్ హండ్రెడ్’ అనండి.

అసలు నష్టం తెచ్చేది సెవెంటీన్, సెవెంటీల తేడా. సెవెంటీలో ఒత్తు మొదట్లో ఉంటుంది, చివరి ‘టీ’ పొట్టిగా తేలిపోతుంది. సెవెంటీన్‌ను విడిగా పలికితే ‘టీన్’ సాగుతుంది. కానీ వెనక థౌజండో, బ్యాగ్సో వస్తే ఒత్తు ముందుకు జరగవచ్చు. అప్పుడు పట్టుకోవాల్సింది చివరి ‘న్’నే. దాన్ని మింగకుండా పలికి, ఒక్క క్షణం ఆగి తర్వాతి మాట అందుకోండి. వెంటనే ‘వన్ సెవెన్’ అని అంకెలు కూడా విడదీసి చెప్పండి. డబ్బు విషయంలో ఈ రెండోసారి చెప్పడం మానొద్దు.

తేదీల్లోనూ ఇదే చిక్కు: థర్టీన్త్, థర్టీయెత్ ఫోన్లో దాదాపు ఒకేలా వినిపిస్తాయి. వారం కలిపితే తేడా తేలిపోతుంది. 2026 మార్చి 13ని ‘ఫ్రైడే, థర్టీన్త్ మార్చ్’ అనండి. 30 సోమవారం కాబట్టి పొరపాటుంటే అవతలివాళ్లే అడుగుతారు. నెలను పేరుతోనే చెప్పండి. 3/4 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికావాళ్లకు మార్చి 4.

ఫోన్ నంబరును అయిదూ అయిదుగా విరవండి. 12334 50078 అనుకుందాం (మన మొబైల్ నంబర్లు 1తో మొదలవవు కాబట్టి ఇది ఎవరిదీ కాదు). ‘వన్ టూ త్రీ త్రీ ఫోర్’ అని ఆగి, అవతల ‘ఊఁ’ అన్నాక ‘ఫైవ్ జీరో జీరో సెవెన్ ఎయిట్’ చెప్పండి. డబుల్ త్రీ అంటే మనవాళ్లకు తెలుస్తుంది, అలవాటు లేనివాళ్లు 23 అని రాసుకునే ప్రమాదం ఉంది. ఫైవ్, నైన్‌లలో ‘ఐ’ ఒకటే కావడంతో లైను సరిగా లేనప్పుడు కలిసిపోతాయి. ‘వ్’, ‘న్’ గట్టిగా పలకండి. చివరికి నంబరు మీరే మళ్లీ చెప్పకుండా, రాసుకున్నది వాళ్లచేత చదివించండి: ‘ప్లీజ్ రీడ్ ఇట్ బ్యాక్.’