సెంట్రిఫ్యూజ్ అంకె పక్కన g వదలకండి

ల్యాబ్ ప్రోటోకాల్‌ను విద్యార్థుల కోసం తెలుగు చేసేటప్పుడు "300 × g వద్ద 5 నిమిషాలు" అన్నదాన్ని "300 వేగంతో తిప్పండి" అని రాయకండి. అలా రాస్తే విద్యార్థి యంత్రంలో 300 rpm, అంటే నిమిషానికి 300 చుట్లు, పెడతాడు. × g మాత్రం భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల బలమో చెబుతుంది. రోటర్ వ్యాసార్థం 10 సెం.మీ. అయితే కణాలపై పడే బలం సుమారు 10 × g మాత్రమే. ట్యూబు అడుగున కణాల ముద్ద సరిగా ఏర్పడదు, పైద్రవం మబ్బుగానే ఉంటుంది. దాన్ని పారబోస్తే కణాలూ పోతాయి.

అందుకే × g ను అలాగే ఉంచి, మీ ల్యాబ్ రోటర్‌కు లెక్కగట్టిన rpm ను పక్కనే రాయండి. కింది సూత్రంలో g అంటే × g ముందున్న అంకె, r అంటే సెంటీమీటర్లలో రోటర్ వ్యాసార్థం:

```
rpm = √( g / (0.00001118 × r) )
```

పై రోటర్‌కు 300 × g అంటే సుమారు 1,640 rpm. రోటర్ మారితే ఈ అంకె చెల్లదు. కాబట్టి వ్యాసార్థాన్ని కూడా అక్కడే రాయండి.