డెవలపర్‌కి ఇచ్చే ముందు డిజైన్ ఫైల్‌ని ఎలా సరిచూసుకోవాలి?

డిజైన్ ఫైల్ సరిచూడమనగానే చాలామంది ముందు లేయర్ల పేర్లు పట్టుకుంటారు. నేనైతే పేర్లు తర్వాత చూసుకోవచ్చంటాను. ముందు గీయకుండా వదిలేసిన స్టేట్‌లు వెతకండి, అంటే లోడ్ అవుతున్నప్పుడు, విఫలమైనప్పుడు, ఖాళీగా ఉన్నప్పుడు స్క్రీన్ కనబడే రూపాలు. తర్వాత స్పేసింగ్, ఆపైన పేర్లు, ఎక్స్‌పోర్ట్‌లు. ఒక స్టేట్ లేదని తేలితే కొత్త ఫ్రేములు గీయాలి, వాటికి మళ్లీ కొలతలూ పేర్లూ చూడాలి. ముందే అన్నీ సర్దేసుకుంటే ఆ పని రెండుసార్లు అవుతుంది. పైగా పేరు తప్పుంటే డెవలపర్లు అడిగి తెలుసుకుంటారు. లేని స్క్రీన్ సంగతి మాత్రం కోడ్ అక్కడిదాకా వచ్చేవరకు ఎవరికీ తట్టదు. అప్పుడు గడువు తరుముతుంటే ఏది తోస్తే అది పెట్టేస్తారు.

ఒక్క స్క్రీన్ తీసుకుని చూద్దాం. "నా చిరునామాలు" అనే పేజీ. 360 వెడల్పు ఫ్రేములో మూడు కార్డులు, ప్రతి కార్డులో పేరు, చిరునామా, ఎడిట్, డిలీట్ ఐకాన్లు, అడుగున "కొత్త చిరునామా" బటన్. ఫైల్ ఫిగ్మాలో ఉందనుకుందాం.

1. లేని స్టేట్‌లు వెతకడం

స్క్రీన్ ముందు పెట్టుకుని మూడు ప్రశ్నలు వేయండి. ఈ సమాచారం ఎక్కడి నుంచి వస్తోంది? ఇక్కడ ఏయే చోట్ల వేలు పెట్టొచ్చు? వేలు పెట్టాక జవాబు వచ్చేలోపు ఏం కనబడుతుంది?

మొదటి ప్రశ్నకి జవాబు సర్వర్ నుంచి. అంటే లోడ్ అవుతున్నప్పటి స్క్రీన్ ఒకటి కావాలి, లోడ్ కాకపోతే చూపే స్క్రీన్ ఒకటి కావాలి. ఒక్క చిరునామా కూడా లేని కొత్త యూజర్‌కి కనబడేది మరొకటి. ఈ చివరిదాన్ని, లోడ్ కాని స్క్రీన్‌నీ ఒకటే అనుకుని కలిపేయడం తరచూ జరుగుతుంది. నెట్ లేనివాళ్లకి "మీకు చిరునామాలు లేవు" అని చూపిస్తే, దాచుకున్నవన్నీ పోయాయని కంగారుపడతారు. రెండింటికీ మాటలూ వేరు, బటన్లూ వేరు: ఒకచోట "చేర్చండి", ఇంకోచోట "మళ్లీ ప్రయత్నించండి".

ఇప్పుడు డిలీట్ ఐకాన్ ఒక్కదాన్నే పట్టుకుని చివరిదాకా నడవండి. నొక్కగానే నిజంగా తీసేయాలా అని అడుగుతుందా, లేక తీసేసి "వెనక్కి తెచ్చుకోండి" అని చూపుతుందా? తొలగిస్తున్న ఆ క్షణంలో కార్డు ఎలా ఉంటుంది, రెండోసారి నొక్కితే పనిచేస్తుందా? సర్వర్ ఒప్పుకోకపోతే కార్డు తిరిగి వస్తుందా, ఆ సంగతి ఎక్కడ రాస్తాం? ఉన్న ఒక్క చిరునామానే తీసేస్తే తర్వాత కనబడేది ఏ ఫ్రేము? ఫైల్‌లో చాలాసార్లు వీటిలో మొదటి ప్రశ్నకే జవాబుంటుంది.

బటన్‌కి మామూలు రూపంతో పాటు నొక్కినప్పటిది, పనిచేయనప్పటిది, లోడ్ అవుతున్నప్పటిది ఉండాలి. వెబ్ అయితే కీబోర్డ్‌తో వచ్చినప్పుడు కనబడే ఫోకస్ రూపం కూడా తప్పనిసరి. అన్నిటికీ పూర్తి స్క్రీన్లు గీయనక్కర్లేదు. బటన్, కార్డు లాంటివి కాంపోనెంట్ వేరియంట్లుగా ఉంటే చాలు. స్క్రీన్ మొత్తం మారే చోట మాత్రం వేరే ఫ్రేము పెట్టండి.

2. స్పేసింగ్: కొలిచే ముందు కదిపి చూడండి

ఆల్ట్ కీ పట్టుకుని ఒక్కో ఖాళీని కొలుచుకుంటూ పోవడం కంటే, ముందు కార్డులో చిరునామా చెరిపి నాలుగు వరుసల పొడవైనది టైప్ చేయండి. కార్డు దానంతటదే పెరిగి కింది కార్డుల్ని కిందికి నెట్టితే ఆటో లేఅవుట్ సరిగా ఉన్నట్టు. అక్షరాలు ఐకాన్ల మీదికి ఎక్కితే, కార్డు ఎత్తు చేత్తో బిగించి పెట్టారన్నమాట. ఆ ఎత్తు చూసి డెవలపర్ అదే అంకె రాస్తే, నిజమైన చిరునామా వచ్చినరోజు యాప్‌లోనూ అదే జరుగుతుంది. తర్వాత ఫ్రేముని 320కి కుదించి, 412కి సాగదీసి చూడండి. ఏది సాగాలో, ఏది కదలకూడదో అప్పుడు తేలుతుంది.

ఆ తర్వాతే అంకెలు. కార్డుల మధ్య ఒకచోట 12, ఇంకోచోట 13 ఉంటే మౌస్‌తో జరిపారని అర్థం. 15.67 లాంటి దశాంశాలున్నా అంతే. అక్షరాల దగ్గర మాత్రం కంటిని నమ్మకండి. ఫాంట్ సైజు 16, లైన్ హైట్ 24 అయితే మిగిలిన 8 సగం పైన, సగం కింద కలుస్తుంది. అంటే ప్యాడింగ్ 16 పెట్టినా కంటికి 20 దాకా కనబడుతుంది. అక్షరం అంచు నుంచి కాక టెక్స్ట్ బాక్స్ అంచు నుంచి కొలవాలి. లైన్ హైట్ `Auto` అని వదిలేసి ఉంటే అంకె వేయించండి, లేకపోతే ఫాంట్ మారినప్పుడు ఎత్తులన్నీ మారతాయి.

ఐకాన్ 24 ఉన్నా, వేలికి అందే చోటు అంతకంటే పెద్దదిగా ఉండాలి. ఆండ్రాయిడ్ సూచన 48 డీపీ, ఐఓఎస్ సూచన 44 పాయింట్లు. ఎడిట్, డిలీట్ పక్కపక్కనే ఉన్న మన కార్డులో ఆ రెండు చోట్లూ ఒకదాని మీదికొకటి రాకుండా చూడండి.

3. పేర్లు: అన్నీ కాదు, పనికొచ్చేవే

`Rectangle 12` కనబడ్డ ప్రతిచోటా పేరు మార్చుకుంటూ కూర్చోవద్దు. కాంపోనెంట్ పేర్లు, వేరియంట్ పేర్లు, ఎక్స్‌పోర్ట్ అయ్యే లేయర్ల పేర్లు, స్క్రీన్ ఫ్రేముల పేర్లు సరిగా ఉంటే చాలు. ముఖ్యంగా వేరియంట్లలో `Property 1=Variant2` అలాగే మిగిలిందేమో చూడండి. అది చూసి ఏ రూపం ఎప్పుడు వాడాలో ఎవరూ చెప్పలేరు. `State=Loading` అని ఉంటే అడగాల్సిన పని ఉండదు. కోడ్‌లో `disabled` అంటుంటే ఫైల్‌లో `Inactive` అనకండి, ఒకే మాట వాడండి. దాచి ఉంచిన పాత లేయర్లు ఉంటే తీసేయండి. ఎవరైనా వాటిని తెరిచి, ఇవీ కావాలేమో అనుకుంటారు.

4. ఎక్స్‌పోర్ట్ చేసి, ఫోల్డర్ తెరిచి చూడండి

సెట్టింగ్ చూసి సరిపెట్టుకోకండి, నిజంగా ఎక్స్‌పోర్ట్ చేయండి. డిలీట్ ఐకాన్ ఎస్‌వీజీని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే మొదటి వరుస ఇలా ఉండాలి:

```
<svg width="24" height="24" viewBox="0 0 24 24" fill="none" xmlns="http://www.w3.org/2000/svg">
```

అక్కడ `0 0 16 18` అని ఉంటే, 24 ఫ్రేముని వదిలి లోపలి వెక్టర్‌ని ఎక్స్‌పోర్ట్ చేశారన్నమాట. చుట్టూ ఉండాల్సిన ఖాళీ పోయి, ఐకాన్లు ఒక్కోటి ఒక్కో సైజులో కనబడతాయి. ఫైల్‌లో ఎక్కడైనా `<image` కనబడితే, లోపల మామూలు బొమ్మ ఇరికించి ఉంది. పెద్దది చేస్తే మసకబారుతుంది.

ఫిగ్మాలో లేయర్ పేరే ఫైల్ పేరవుతుంది, పేరులో `/` ఉంటే ఫోల్డర్ ఏర్పడుతుంది. ఆండ్రాయిడ్ రిసోర్స్ ఫైల్ పేర్లలో ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే చెల్లుతాయి కాబట్టి `Icon-Delete` పనికిరాదు, `ic_delete` కావాలి. చిరునామాలు లేనప్పుడు చూపే బొమ్మ పిక్సెల్ బొమ్మ అయితే, 120 వెడల్పులో వాడేదాన్ని 3 రెట్లకి ఇవ్వాలంటే అసలు బొమ్మ కనీసం 360 పిక్సెళ్లు ఉండాలి. చిన్నదాన్ని సాగదీసి ఇస్తే ఫైల్ బరువు పెరుగుతుందే తప్ప స్పష్టత రాదు.

5. దొరికినవి ఎక్కడ రాయాలి

తప్పు ఉన్న ఫ్రేము మీదే కామెంట్ పెట్టండి, ఏం కావాలో కూడా అందులోనే రాయండి: "డిలీట్ విఫలమైతే చూపేది లేదు. కార్డు తిరిగి రావాలి, అడుగున సందేశం కావాలి" అన్నట్టు. అన్నీ సరిచేశాకే ఆ సెక్షన్‌ని `Ready for dev` అని గుర్తించండి. ఆ తర్వాత ఏదైనా మార్చాల్సి వస్తే, మార్చిన సంగతి కామెంట్‌లో చెప్పండి. ఏది మారిందో డెవలపర్లు డెవ్ మోడ్‌లో పాత వెర్షన్‌తో పోల్చి చూసుకోగలరు.