నోటుపుస్తకం దిద్దడం, 3వ పాఠం: ఎన్ని నీళ్ళకన్నా బరువు?

పోయిన పాఠంలో తప్పు జవాబు మీద అడ్డగీత కొట్టకుండా ప్రశ్న అడగమన్నాను. అడిగారు, సంతోషం. కానీ మీరు రాసి పంపిన సంభాషణలు చూస్తే దాదాపు అన్నీ ఒకేలా నడిచాయి. ఇనుప మేకు మునుగుతుంది, ఇనుముతో చేసిన ఓడ తేలుతుంది, ఎందుకు అన్న ప్రశ్నకి తొమ్మిదో తరగతి తమ్ముడు ఇలా రాశాడు: ‘మేకు బరువైనది కావున మునుగును. ఓడ తేలికైనది కావున తేలును.’ ఇంటర్ చదివే అక్క పెన్సిలు పట్టుకుని కూర్చుంది.

అక్క: ఓడ తేలికేంట్రా?
తమ్ముడు: (రబ్బరు తీస్తూ) బరువా?
అక్క: బరువైతే మరెలా తేలుద్ది?
తమ్ముడు: అయితే తేలికే.
అక్క: నన్నడుగుతావేంటి, నువ్వే చెప్పు.

ఇక్కడ వాడు మేకు గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అక్క మొహం చూసి జవాబు చెబుతున్నాడు. ఈ పాఠంలో వేరే సంగతి చెబుదామనుకున్నాను గానీ, ముందు ఈ ముడి విప్పకపోతే ముందుకెళ్ళి లాభం లేదు.

తప్పు దగ్గర మాత్రమే ‘ఎందుకు?’ అని అడిగితే ఆ ‘ఎందుకు’ కూడా అడ్డగీతే. నాలుగు రోజుల్లో పిల్లాడికి లెక్క తెలిసిపోతుంది: అక్క ప్రశ్న అడిగిందంటే రాసింది తప్పు, అడక్కుండా పేజీ తిప్పిందంటే ఒప్పు. ఆ తరవాత మీరు ఎంత మెత్తగా అడిగినా వాడి చెయ్యి రబ్బరు మీదికే పోతుంది. ‘ఔనా?’, ‘నిజంగానా?’, ‘ఇంకోసారి చూడు’ అన్నవీ ఇదే కోవలోకి వస్తాయి. నోటుపుస్తకంలో ప్రశ్నార్థకం గుర్తు పెట్టి వదిలేసేవాళ్ళున్నారు, అది మరీ ఘోరం. గుర్తు ఏ మాటకి పెట్టారో కూడా తెలియక పిల్లాడు జవాబు మొత్తం చెరిపేస్తాడు, అందులో నిజమున్న ముక్కతో సహా. కాబట్టి ఒప్పు జవాబు దగ్గర కూడా ఆగండి, అదే గొంతుతో అదే ప్రశ్న అడగండి. నేనైతే ఎప్పుడూ ఒప్పు జవాబుతోనే మొదలుపెట్టమంటాను. రెండు ఒప్పుల దగ్గర అడిగాక మూడోసారి తప్పు దగ్గర అడిగినా పిల్లాడు బెదరడు. పైగా ఒప్పని మీరనుకున్న జవాబులో ఏమీ లేదని తేలడం మామూలే. చూడండి:

అక్క: ‘మంచుముక్క సాంద్రత నీటి సాంద్రత కన్నా తక్కువ కావున తేలును.’ ఎందుకలా రాశావు?
తమ్ముడు: తప్పా?
అక్క: ఒప్పే. నీ మాటల్లో ఎలా చెబుతావో విందామని.
తమ్ముడు: పుస్తకంలో అలాగే ఉందక్కా.
అక్క: సాంద్రతంటే?
తమ్ముడు: అదే... చిక్కగా ఉండడం.

నూనె నీళ్ళకన్నా చిక్కగా ఉంటుంది, అయినా నీళ్ళ మీద తేలుతుంది. అంటే సాంద్రత అన్న మాట వాడి నోటికి వచ్చింది, అర్థం రాలేదు. ఇప్పుడు ఓడ జవాబులో ‘బరువు’ కొట్టేసి పైన ‘సాంద్రత’ అని రాస్తే ఏమవుతుందో ఊహించండి. వాడు ‘ఇనుప ఓడ సాంద్రత ఎక్కువ కావున...’ అని మొదలెట్టి మధ్యలో ఇరుక్కుంటాడు.

అసలు చిక్కు ‘బరువు’ అన్న మాటలో ఉంది. తెలుగులో ఈ ఒక్క మాటనే రెండు అర్థాల్లో వాడతాం. బస్తా బరువు అన్నప్పుడు మొత్తం తూకం. ఇనుము బరువు, బెండు తేలిక అన్నప్పుడు అంతే సైజు ముక్కల్లో ఏది ఎక్కువ తూగుతుందన్న పోలిక. రెండో అర్థంలో చూస్తే తమ్ముడు మేకు గురించి రాసింది నిజమే! ఏ అర్థంతో రాశాడో వాడికే తెలియదు. అది బయటికి లాగే ప్రశ్న ‘ఎందుకు’ కాదు, ‘దేనికన్నా’.

అక్క: మేకు బరువన్నావు. దేనికన్నా?
తమ్ముడు: నీళ్ళకన్నా.
అక్క: ఎన్ని నీళ్ళకన్నా? ఈ బకెట్లో పది లీటర్లున్నాయి, పది కిలోలు. మేకు పది గ్రాములు కూడా ఉండదు.
తమ్ముడు: అన్ని నీళ్ళెందుకక్కా, మేకంత నీళ్ళకన్నా.
అక్క: మేకంత అంటే?
తమ్ముడు: మేకు ఎంత చోటు ఆక్రమిస్తే అంత చోట్లో పట్టే నీళ్ళు.

సాంద్రత అంటే ఏంటో వాడే చెప్పేశాడు. ఇక్కడ మీరు చప్పట్లు కొట్టి ఆపేయకండి, ఓడ ఇంకా మిగిలే ఉంది. బకెట్టు, స్టీలు గిన్నె, స్టీలు చెంచా తెచ్చుకోండి. గిన్నె వెడల్పుగా, అడుగు చదునుగా ఉండాలి. స్టీలు సామాను కొట్లో తూకానికే ఇస్తారు కాబట్టి గిన్నె బరువు ఎక్కడైనా తూయించుకోవచ్చు. ఇక్కడ గిన్నె 150 గ్రాములు, చెంచా 30 గ్రాములు అనుకుందాం. గిన్నె నిండా 600 మిల్లీలీటర్ల నీళ్ళు పడతాయి.

అక్క: నువ్వు రాసిందాని ప్రకారం ఈ రెండింట్లో ఏది మునగాలి?
తమ్ముడు: గిన్నె. అదే బరువు.
అక్క: పక్కన రాసిపెట్టు. రాశాకే నీళ్ళలో వేద్దాం.

రాయించడం మానకండి. రాయించకపోతే చెంచా మునిగాక ‘నేనూ అదే అనుకున్నా’ అంటాడు, అబద్ధమాడుతున్నానని తెలియకుండానే. చెంచా మునిగింది, గిన్నె తేలింది.

తమ్ముడు: గిన్నెలో గాలుంది కదా, గాలి పైకి లేపుద్ది.
అక్క: సరే. చెయ్యి పెట్టి గిన్నెని కిందకి నొక్కు. నీ చేతిని ఎవరు తోస్తున్నారు?
తమ్ముడు: కిందనుంచి... నీళ్ళు.
అక్క: నొక్కేకొద్దీ?
తమ్ముడు: ఇంకా గట్టిగా తోస్తన్నాయి. బకెట్లో నీళ్ళు కూడా పైకొచ్చాయక్కా.

‘గాలి’ అన్న జవాబుని కాదనకుండా వదిలేయడం ఇక్కడ సబబు. గాలి చేస్తున్న పని లేపడం కాదు, నీళ్ళు లోపలికి రాకుండా చోటు కాయడం. గిన్నె పక్కకి నెట్టిన నీళ్ళు ఎన్ని గ్రాములో, నీళ్ళు దాన్ని అంత బరువుని మోసేటంత బలంతో పైకి తోస్తాయి. ఇదే ఆర్కిమెడిస్ సూత్రం. చెంచా మొత్తం మునిగినా నెట్టేది సుమారు 4 మిల్లీలీటర్లే, అంటే 4 గ్రాములు. 30 గ్రాముల చెంచాకి అది చాలదు. గిన్నె 150 గ్రాముల నీళ్ళు నెట్టేసరికి తన బరువుకి సరిపోతుంది, అక్కడితో దిగడం ఆగిపోతుంది.

ఇప్పుడు తేలుతున్న గిన్నెలో కొలిచి నీళ్ళు పోయండి. లెక్క ప్రకారం 470 మిల్లీలీటర్ల దగ్గర మునగాలి. 600 పట్టే గిన్నె 450 దగ్గరే మునగాలి కదా అని పిల్లాడు అడిగితే మెచ్చుకోవాల్సిందే. స్టీలు రేకు కూడా దాదాపు 20 మిల్లీలీటర్ల చోటు ఆక్రమిస్తుంది, ఆ మేరకు ఎక్కువ మోస్తుంది. మీ గిన్నె 300 దగ్గరే మునిగిపోతే సూత్రాన్ని అనుమానించకండి, పోసిన తీరు చూడండి. ఒక పక్కగా పోస్తే గిన్నె వాలుతుంది, లోపలి నీళ్ళన్నీ వాలిన వైపుకే పరుగెడతాయి, అంచు దిగి బయటి నీళ్ళు చొరబడతాయి. పక్కకి ఒరిగి మునిగిన లెక్క లెక్కలోకి రాదు. మధ్యలో, సన్నని ధారగా పోయండి. నది దాటించే పంటు మీద జనాన్ని ఒకే పక్కకి చేరనివ్వకపోవడానికి కారణం కూడా ఇదే.

ఆ తరవాత రబ్బరు వాడి చేతికివ్వండి. వాడు తిరిగి రాసింది ఇది: ‘మేకు తనంత చోటు నీళ్ళకన్నా బరువు, అందుకే మునుగును. ఓడ లోపల ఖాళీ ఉంది కాబట్టి కొంచెం దిగేసరికే తన బరువుకి సరిపడా నీళ్ళను పక్కకి నెడుతుంది, అందుకే తేలును.’ ఇందులో సాంద్రత అన్న మాటే లేదు. పరీక్షలో దిద్దేవాళ్ళు ఆ మాట కోసం వెతుకుతారు కాబట్టి మార్జిన్లో మీరే రాసివ్వండి: ‘ఖాళీతో కలిపి చూస్తే ఓడ సగటు సాంద్రత నీటికన్నా తక్కువ.’ అర్థం వచ్చాక మాటని అప్పగించడంలో తప్పేం లేదు.

అర్థమైందా అని మాత్రం అడగొద్దు, ఆఁ అంటాడు. కొత్త వస్తువు చూపించి అడగండి. కాలువలో పడ్డ కిలోన్నర కొబ్బరికాయ తేలుతుంది, నాలుగు గ్రాములు కూడా లేని రూపాయి బిళ్ళ మునుగుతుంది. కాయ పీచులో గాలి ఉందన్న జవాబు దగ్గరే ఆగిపోతే, ‘ఎన్ని నీళ్ళని నెడుతోంది?’ అని అడగండి. కిలోన్నర అని చెప్పగలిగితే వచ్చేసినట్టే.

అభ్యాసం ఒక్కటే, కాస్త గట్టిది. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య వశిష్ఠ గోదావరి దాటించే పంటు లాంటిదొకటి ఊహించుకోండి. దాని అడుగు 20 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, పక్కలు నిటారు. మూడు టన్నుల వ్యాను ఎక్కితే ఎంత కిందకి దిగుతుందో తమ్ముడి చేతో చెల్లెలి చేతో లెక్క కట్టించండి. రెండున్నర సెంటీమీటర్లు రావాలి. రాకపోతే జవాబు చెప్పకుండా, ఒక టన్ను నీళ్ళు ఎంత చోటు పడతాయో అడగండి. అది ఒక ఘనపు మీటరు. లెక్క వచ్చాక ఇంకొకటి అడగండి: నది మధ్యలో లోతెక్కువ కదా, అక్కడ పంటు ఎక్కువ దిగుద్దా, తక్కువ దిగుద్దా? ఏం చెప్పినా తల ఊపకండి, మొహంలో ఏదీ కనిపించనివ్వకండి. చెప్పింది రాయించి, బకెట్లో సగం నీళ్ళు తీసేసి, అదే గిన్నెని మళ్ళీ వేయించండి. గిన్నె బయట నీటిగీత ఎక్కడుందో రెండుసార్లూ పెన్సిలుతో కాకుండా మార్కరుతో గీయించండి, తడి స్టీలు మీద పెన్సిలు నిలవదు.