ఫొటోలో ఉన్నది అగ్గి తెగులా, గోధుమ మచ్చా?

బాబాయి సాంబ మసూరి చేలోంచి ఆకు ఫొటో పంపి, "అగ్గి తెగులుకు ట్రైసైక్లజోల్ కొట్టమంటావా?" అని అడిగాడు. మచ్చ మధ్యలో బూడిద రంగు ఉంది. కానీ రంగొక్కటే చాలదు, గోధుమ మచ్చ ముదిరినా మధ్యలో అలాగే వెలిసిపోతుంది. ముదురు మచ్చలున్న ఆకును నీడలో, దగ్గరగా తీసి పంపమన్నాను. లేత మచ్చలు రెండు తెగుళ్లవీ ఒకేలా కనిపిస్తాయి మరి.

జూమ్ చేసి కొసలు చూశాను. అగ్గి తెగులు మచ్చ నూలు కండెలా ఆకు పొడవునా సాగి, రెండు కొసలూ మొనదేలి ఉంటుంది. ఇవేమో చిన్నగా, అండాకారంలో, చుట్టూ పసుపు వలయంతో ఉన్నాయి. గోధుమ మచ్చే! పొటాష్ తక్కువైన చేలో ఇది ఎక్కువగా వస్తుంది కాబట్టి ఆ సంగతి అడిగితే, దుక్కిలో అసలు వేయలేదట. ట్రైసైక్లజోల్ ఆపించి, లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కొట్టించాను, చిరుపొట్ట దశలో పొటాష్ వేయించాను.