గృహప్రవేశం మెసేజ్ పంపినా ఫోన్లు ఆగడం లేదా? లోపం ఎక్కడుందో, ఎలా సరిచేయాలో చూద్దాం

గుంటూరు బ్రాడీపేటలో మా బంధువులు మూడో అంతస్తులో ఫ్లాటు కొనుక్కున్నారు. స్నేహితులకీ, అపార్టుమెంటువాళ్ళకీ కలిపి వాట్సాప్‌లో పంపుదామని ఇలా రాసుకున్నారు:

> శ్రీ వేంకటేశ్వరస్వామి దివ్య ఆశీస్సులతో మేము నూతనంగా కొనుగోలు చేసిన గృహమునందు ఈ నెల 19వ తేదీ బుధవారం రాత్రి తెల్లవారితే గురువారం గం. 3.47 ని.లకు గృహప్రవేశం, అనంతరం సత్యనారాయణస్వామి వ్రతం, విందు జరుగును. కావున తాము సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి మా ఆతిథ్యం స్వీకరించ ప్రార్థన. బ్రాడీపేట 4/7, గుంటూరు. బహుమతులు స్వీకరించబడవు.

పెద్దవాళ్ళ చేతికిచ్చే కార్డు మీద ఈ మాటలు నిండుగా ఉంటాయి, వాటిని మార్చక్కర్లేదు. కానీ ఇదే స్నేహితుల ఫోన్లలోకి వెళ్తే అభినందనల వెనకే ప్రశ్నలు కూడా వస్తాయి. ఆ ప్రశ్నలను బట్టే మెసేజ్‌లో ఏది లోపించిందో తెలిసిపోతుంది.

సమస్య: “ఇంతకీ ఏ రోజు? మేం ఎన్నింటికి రావాలి?”

పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. ఫోనులో తేదీ అర్ధరాత్రి పన్నెండుకే మారిపోతుంది. తెల్లవారుజామున 3.47 పంచాంగం లెక్కలో ఇంకా బుధవారమే, ఫోను లెక్కలో అప్పటికే గురువారం. “రాత్రి తెల్లవారితే” అనే మాట ఈ తేడా కోసమే పుట్టింది, పెద్దలకు అది చప్పున అర్థమవుతుంది. ఫోనులో గబగబా చదివేవాళ్ళకు మాత్రం “19 బుధవారం రాత్రి” దగ్గరే చూపు ఆగుతుంది. వాళ్ళు బుధవారం సాయంత్రానికే బయల్దేరే ప్రమాదం ఉంది.

దీనికన్నా పెద్ద కారణం ఇంకొకటుంది. ఆ మెసేజ్‌లో ఇంటివాళ్ళు గడప దాటే సమయం ఉంది గానీ, పిలిచినవాళ్ళు ఎప్పుడు రావాలన్నది లేదు. పాలు పొంగించేటప్పుడు ఉండాల్సింది ఇంటివాళ్ళూ ఆడపడుచులూ దగ్గరివాళ్ళూ. ఆఫీసు స్నేహితుడు ఆ వేళకి రాడు, రావాలని మీరూ అనుకోరు. “అనంతరం” అంటే తొమ్మిదా, పన్నెండా అన్నది అతనికి తెలిసే దారి లేదు.

కాబట్టి ముందు కాగితం మీద ఆ రోజు సమయాలన్నీ వరసగా వేసుకోండి. మా వాళ్ళకు ముహూర్తం 3.47, వ్రతం తొమ్మిదికి, భోజనాలు పన్నెండున్నర నుంచి. గురువారం పనిరోజు కాబట్టి స్నేహితులను సాయంత్రానికి పిలవాలని నిర్ణయించారు. అలా అనుకున్నాక స్నేహితుల మెసేజ్‌లో ఒక్క సమయమే ఉండాలి, మిగిలినవి కనిపించనే కూడదు. “సాయంత్రం 6.30 నుంచి 9 లోపు ఎప్పుడైనా” అని రెండు కొసలూ చెబితే ట్యూషను నుంచి పిల్లల్ని తెచ్చుకునేవాళ్ళు ఆలస్యమైందని మానుకోరు. టిఫినా, భోజనమా అన్నది కూడా రాసెయ్యాలి. రాయకపోతే సగం మంది ఇంట్లో తినేసి వస్తారు, సగం మంది ఆకలితో వస్తారు.

వాట్సాప్ పొడుగు మెసేజ్‌ని మధ్యలో మడిచి “Read more” చూపిస్తుంది. చాలామంది దాన్ని నొక్కరు. అందుకని రోజు, తేదీ, సమయం మొదటి రెండు లైన్లలోనే ఉండాలి, దేవుడి శ్లోకమైనా వాటి తర్వాతే. రంగుల కార్డు బొమ్మ పంపాలనిపిస్తే పంపండి, కానీ అవే వివరాలను అక్షరాల్లో కూడా కింద పెట్టండి. నెలరోజుల చాట్‌లో వెతికితే దొరికేది ఆ అక్షరాలే.

సమస్య: “వీధి దొరకట్లేదు”, “కారు ఎక్కడ పెట్టాలి?”

బ్రాడీపేటలో 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు. గుంటూరువాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో వచ్చే స్నేహితుడు దాన్ని డోరు నంబరు అనుకుంటాడు. అందుకే “నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు” అని విప్పి రాయాలి. పక్కన అపార్టుమెంటు పేరు, అంతస్తు, ఆటో డ్రైవరుకు చెప్పగలిగిన గుర్తు ఒకటి ఉంటే చాలు.

లొకేషన్ పంపడంలో రెండు పొరపాట్లు ఎక్కువ జరుగుతాయి. మొదటిది, పాత ఇంట్లో కూర్చుని “Send your current location” నొక్కడం. అప్పుడు అందరూ పాత ఇంటికే వెళ్తారు. రెండోది “Share live location” నొక్కడం. దాన్ని ఎక్కువలో ఎక్కువ ఎనిమిది గంటలే పంచుకోగలం, పైగా అది ఇంటిని కాదు, మీ ఫోను ఉన్న చోటును చూపిస్తుంది. కొత్త అపార్టుమెంటు గేటు ముందు నిలబడి మొదటిదాన్ని నొక్కి మీ ఇంట్లోవాళ్ళకి పంపుకోండి. వాళ్ళు తెరిచి చూసి గేటు దగ్గరే ఉందన్నాక దాన్నే అందరికీ ఫార్వర్డ్ చేయండి.

పార్కింగ్ సంగతికొస్తే, “పార్కింగ్ సౌకర్యం కలదు” అన్న వాక్యం చాలా మెసేజ్‌లలో ఉంటుంది. చోటు ఎక్కడో అది చెప్పదు. అపార్టుమెంట్లలో కింద గీతలు గీసిన చోట్లన్నీ ఫ్లాట్లవాళ్ళవే. చాలాసార్లు భోజనాలు కూడా అదే సెల్లార్‌లో బల్లలేసి పెడతాం, కాబట్టి ఆ రోజు ఉన్న చోటు కూడా పోతుంది. వీధిలో పెడదామంటే అడ్డరోడ్లు ఇరుకు. ఒక కారు ఓరగా నిలిపినా ఎదురొచ్చే ఆటో ఆగిపోతుంది.

దీనికి వారం ముందు ఒక పని చేయాలి. గృహప్రవేశం గురువారమైతే గురువారం నాడే, స్నేహితులు వచ్చే వేళకే వీధిలోకి వెళ్ళి ఎన్ని కార్లు నిలబడి ఉన్నాయో, ఎన్నిటికి చోటు మిగిలిందో చూడండి. ఆదివారం పొద్దున చూసింది గురువారం సాయంత్రానికి పనికిరాదు, అప్పుడు షాపుల ముందు బళ్ళన్నీ ఉంటాయి. మా వాళ్ళు అలా చూశాక వీధి చివర ఖాళీ సైటు యజమానిని అడిగి ఆ సాయంత్రానికి ఒప్పించుకున్నారు. అడగకుండా అందులో పెట్టమని రాయకూడదు, మాట పడేది వచ్చినవాళ్ళే. బైకులు గేటు లోపల, కార్లు సైటులో అని విడదీసి రాస్తే గేటు దగ్గర తర్జనభర్జన ఉండదు. చీకటి పడ్డాక సైటు కనిపించదు కాబట్టి అక్కడ ఒక మనిషిని నిలబెట్టి, అతని నంబరు మెసేజ్‌లో ఇవ్వండి. వచ్చినవాళ్ళతో హడావిడిగా ఉన్న ఇంటాయన నంబరు ఇస్తే ఎవరూ ఎత్తరు.

సమస్య: వద్దన్నా బహుమతులు తెస్తున్నారు

మన దగ్గర కొత్తింటికి ఉత్త చేతులతో ఎవరూ రారు. “స్వీకరించబడవు” అంటే కొందరికి మనసు నొచ్చుకుంటుంది, మిగిలినవాళ్ళు కవర్లో 516 పెట్టుకొస్తారు, లేదా గోడ గడియారం, వినాయకుడి బొమ్మ. వద్దని చెప్పారు గానీ బదులుగా ఏం తేవచ్చో చెప్పలేదు, అందుకే ఇలా జరుగుతుంది.

చిన్నదీ, చవకదీ, ఎన్ని వచ్చినా ఇబ్బంది లేనిదీ ఒకటి పేరు పెట్టి అడగండి. మా వాళ్ళు బాల్కనీకి మొక్క అడిగారు: “చిన్న కుండీలో ఏదైనా మొక్క, మీ ఇంట్లో తీసిన కొమ్మైనా సరే.” డబ్బు ఖర్చు లేకుండా కూడా తేవచ్చని ఆ చివరి మాటతో తెలుస్తుంది. మరీ దగ్గరి స్నేహితులను విడిగా ఫోన్ చేసి మడత కుర్చీలు గానీ, పెద్ద ఫ్లాస్కు గానీ అడగొచ్చు. దాన్ని అందరి మెసేజ్‌లో పెట్టకూడదు.

వాళ్ళ సౌకర్యం కోసం తెచ్చుకోవాల్సినవి ఉంటే అవీ చెప్పాలి. కొత్తింట్లో ఏసీలు ఇంకా బిగించకపోతే, గుంటూరు ఎండల్లో పసిపిల్లల తల్లికి ఆ సంగతి ముందే తెలియాలి.

సమస్య: ఊళ్ళోవాళ్ళంతా వచ్చారు, ఎదురు ఫ్లాటువాళ్ళు రాలేదు

పక్కింటివాళ్ళని మెసేజ్‌తో పిలిస్తే అది పిలుపు కాదు, సమాచారం. గడపలోకి వెళ్ళి ఆడవాళ్ళకి బొట్టు పెట్టి “వదినగారూ, అన్నయ్యగారినీ పిల్లల్నీ తీసుకుని తప్పకుండా రావాలి” అనాలి. మెసేజ్ ఆ తర్వాతే, గుర్తు చేయడానికి.

వాళ్ళకు వెళ్ళే మెసేజ్ కూడా వేరుగా ఉండాలి. స్నేహితులు దారి అడుగుతారు, వీళ్ళకు దారితో పనిలేదు. తెల్లవారుజామున మూడింటికి సన్నాయి, గిన్నెలతో నిండిన లిఫ్టు, సెల్లార్‌లో బల్లలు, ఇవన్నీ భరించేది వాళ్ళే. ఇబ్బందిని దాచకుండా, ఎప్పటి నుంచి ఎప్పటి వరకో గంటలతో చెబితే వాళ్ళు సర్దుకుంటారు:

> ఆంటీగారికి, అంకుల్‌గారికి నమస్కారం. 20 గురువారం మా (మూడో అంతస్తు) గృహప్రవేశం. పొద్దున 3.30 నుంచి 4.30 వరకు మేళం ఉంటుంది, నిద్రకు ఇబ్బంది కలిగితే మన్నించాలి. మధ్యాహ్నం 12.30కి సెల్లార్‌లో భోజనాలు, మీరందరూ మాతోనే తినాలి. ఉదయం 10 నుంచి 3 వరకు కార్లు వీధి చివర ఖాళీ సైటులో పెట్టుకోవడానికి మాట్లాడాం. మీ కారు తీయడం కుదరకపోతే చెప్పండి, బల్లలు అటు జరుపుతాం.

ఇది పంపే ముందు అపార్టుమెంటు అసోసియేషన్‌కీ, వాచ్‌మన్‌కీ చెప్పి ఉండాలి. సైటు యజమానిని మధ్యాహ్నానికి కూడా అడిగే రాయాలి, సాయంత్రానికి ఇచ్చిన మాట పగటికి చెల్లదు.

సమస్య: ఎంతమంది వస్తారో తెలియట్లేదు

“సకుటుంబ సపరివార” అన్నాక లెక్క అడగలేం. “ఎంతమంది వస్తున్నారో సోమవారం లోపు అంకె పంపండి, వంటవాళ్ళకి చెప్పాలి” అంటే ఎవరూ ఏమీ అనుకోరు, కారణం కనిపిస్తోంది కాబట్టి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పంపితే మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్ళకు అసలు చేరదు. జవాబు రానివాళ్ళకు విడిగా పంపి చూడండి.

స్నేహితులకు చివరికి పంపిన మెసేజ్

> 20 గురువారం సాయంత్రం 6.30 నుంచి 9 లోపు మా కొత్తింటికి రండి. టిఫిను మా ఇంట్లోనే: పులిహోర, మిరపకాయ బజ్జీ, గారెలు, సేమియా పాయసం.
> పొద్దున గృహప్రవేశం అయిపోతుంది, సాయంత్రం మన కబుర్ల కోసం.
> బ్రాడీపేట నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు, మూడో అంతస్తు. లొకేషన్ కింద ఉంది.
> బైకు గేటు లోపల పెట్టండి. కారు వీధి చివర ఖాళీ సైటులో, మా తమ్ముడు అక్కడే ఉంటాడు, నంబరు కింద ఉంది.
> ఏమైనా తేవాలనిపిస్తే బాల్కనీకి చిన్న మొక్క, మీ ఇంట్లో కొమ్మైనా సరే. ఏసీలు ఇంకా పెట్టలేదు, పిల్లలకి నూలు బట్టలు వెయ్యండి.
> ఎంతమంది వస్తున్నారో సోమవారం లోపు అంకె పంపరూ?

దీన్ని వారం ముందు పంపాలి. బుధవారం సాయంత్రం మళ్ళీ మొత్తం పంపక్కర్లేదు. “రేపు 6.30కి” అని ఒక లైను, లొకేషన్, సైటు దగ్గరుండే మనిషి నంబరు చాలు. ఆ వేళకి వాన పడి సైటు బురదైతే కార్లు ఎక్కడ పెట్టాలో కూడా ఆ లైనులోనే చెప్పాలి.