పేరాలకు పేరాలు పొగిడిన రివ్యూని నమ్మే ముందు

ఇల్లు మారడానికి ప్యాకర్స్ వాళ్లను వెతుకుతుంటే గూగుల్ మ్యాప్స్‌లో పెద్ద రివ్యూ కనిపిస్తుంది, అది నిజమైనదో డబ్బులిచ్చి రాయించిందో ముందు చూసుకోవాలి. నిజంగా సామాను మార్పించుకున్న మనిషి అయితే కూకట్‌పల్లిలో మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు, ఫ్రిజ్ దింపడానికి ఇంత ఎక్స్‌ట్రా అడిగారు, లారీ గంట లేటు అని రాస్తాడు. మెచ్చుకున్నా ఎక్కడో ఒక చిన్న సణుగుడు ఉంటుంది. డబ్బులిచ్చి రాయించింది అలా ఉండదు. కంపెనీ పూర్తి పేరు మూడు నాలుగు సార్లు, 'హైదరాబాద్‌లో బెస్ట్ ప్యాకర్స్' లాంటి వెతుకుడు మాటలు, స్టాఫ్ చాలా మంచివాళ్లు, అంతే, సామాను గురించి ఒక్క ముక్క ఉండదు.

అనుమానం వస్తే రాసినవాళ్ల పేరు మీద నొక్కండి. ఒకే వారంలో జైపూర్‌లో పళ్ల డాక్టరుకి, కొచ్చిలో పెస్ట్ కంట్రోల్‌కి, మన మియాపూర్‌లో జిమ్‌కి అన్నిటికీ ఐదు స్టార్లే ఇచ్చి ఉంటే ఇక వదిలేయండి, పేరు దగ్గర గూగుల్ ఇచ్చే లోకల్ గైడ్ బ్యాడ్జ్ ఉన్నా సరే, అది ఎక్కువ రాస్తే వచ్చేదే. ఒకే ఒక్క రివ్యూ ఉన్న అకౌంట్ అయితే మాత్రం తొందరపడి దొంగ అనకండి, మా పిన్ని లాంటివాళ్లు జన్మకొకటి రాస్తారు. అప్పుడు ఆ కంపెనీ రివ్యూలను కొత్తవి ముందు వచ్చేలా పెట్టి, అలాంటి ఒంటరి అకౌంట్లే రెండు మూడు రోజుల్లో గుంపుగా వచ్చాయేమో చూడండి.